మొదటి హాలు దాకానే

ఆగస్టు 6, శనివారం

ఎనిమిదేళ్ళు. పొద్దున గంట కొట్టారు. నా భార్య వర్దీయా గుమ్మంలో కొవ్వొత్తి వెలిగించింది. తీవ్రవాదులు వస్తున్నారని మా బగ్దీదా ఊరంతా ఒక్క రాత్రిలో ఖాళీ అయిన రోజు. ఎర్బిల్ రోడ్డు మీద ఒక చేత్తో కూతురు ష్మూనీని, ఇంకో చేత్తో వాక్యాల పుస్తకాన్ని పట్టుకుని నడిచాను. అప్పుడు దానికి పద్నాలుగు.

తిరిగొచ్చిన మొదటి ఇళ్ళలో మాది ఒకటి. నాకోసం నేను రాసుకునే పుస్తకంలో ఈ మాట ఎందుకు? అయినా రాశాను.

ష్మూనీ పాస్‌పోర్టు ఇంకా హంగరీ వాళ్ళ వీసా కార్యాలయంలోనే ఉంది. ఇవాళ నేను అడగలేదు. అది చెప్పలేదు.

ఆగస్టు 12, శుక్రవారం

సాయంత్రం సహోదర కూటంలో యోనా గురించి మాట్లాడాను. బాగా వచ్చింది. వెనక బెంచీలవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. "నీనెవెకి పొమ్మంటే అతను ఎటు పోయాడు? రేవుకి! టిక్కెట్టు కొన్నాడు! తన జేబులోంచి డబ్బు తీసి మరీ దేవుడికి దూరంగా పోయాడు! ఇక్కడెంతమంది జేబుల్లో టిక్కెట్లున్నాయి?" అన్నాను. ఎవరూ నా ముఖం చూడలేదు. ఆ వాక్యం మంట లాంటిది, చేతిలో పట్టుకుంటే పట్టుకున్నవాడి చెయ్యి కూడా కాలుతుంది.

కూటం అయ్యాక అమానుయేల్ మాస్టారు నా కొలిమి దుకాణానికి వచ్చారు. జోర్డాన్ వెళ్తున్నారట, అక్కణ్ణించి ఆస్ట్రేలియా. సెప్టెంబరు ఇరవైన ప్రయాణం. ఇంటి తలుపు వెల్డింగ్ చేసి మూసెయ్యాలి.

"మీరు నాకు లెక్కలు చెప్పారు మాస్టారూ, నేను మీకు వాక్యం చెప్పాను. ఇద్దరం ఫెయిలయ్యాం" అన్నాను.

"తిట్టు గోర్గీసూ, తిట్టు. కానీ తలుపు మాత్రం గట్టిగా వెయ్యి. కిందటిసారి మా పెద్ద తమ్ముడింటికి వేసినదాంట్లోంచి ఎలకలు కూడా దూరలేకపోయాయి."

"మీ నాన్నగారో?"

"ఆయన రాడు. మా చిన్న తమ్ముడింట్లో ఉంటాడు."

ఒప్పుకున్నాను. ఇది ముప్ఫై నాలుగో తలుపు. ఇనుప తలుపుకీ చట్రానికీ మధ్య నాలుగు చోట్ల అతుకు వేస్తాను. తాళాలు నా దగ్గరే ఉంటాయి, అతికిన తలుపుకి తాళం ఎందుకో తెలియదు కానీ అందరూ ఇచ్చి వెళ్తారు. నా చెయ్యి తలుపు మూస్తుంది. నా కాలు మాత్రం విమానాశ్రయం దాకా ఒక్కరితో కూడా పోలేదు. పోదు. లోతు భార్య వెనక్కి చూసి పాడైంది, నేను ముందుకి చూసి పాడవను.

ఆగస్టు 15, సోమవారం

మరియమ్మ పండగ. ద్రాక్ష పంచారు. అంతే.

ఆగస్టు 18, గురువారం

వీసా వచ్చింది. పాస్‌పోర్టులో ఒక పేజీ నిండా పచ్చటి కాగితం అంటించారు. ఒక్కసారి లోపలికి వెళ్ళడానికి మాత్రమే. వెళ్ళాక అక్కడ నివాసపు కార్డు తీసుకోవాలట.

నేల, నీరు గురించిన పై చదువు. రెండేళ్ళు. మన గోధుమ పొలాల్లో ఉప్పు ఎందుకు పేరుకుంటుందో చదువుతుందట. "ఇక్కడే అడిగితే మీ తాత చెప్పేవాడు" అన్నాను. "తాత చెప్పింది విన్నాకే కదా నాన్నా ఉప్పు పేరుకుంది" అంది.

దాని స్కాలర్‌షిప్ కాగితంలో ఒక మాట ఉంది. చదువు అయ్యాక సొంత దేశానికి తిరిగి రావాలి. అరబ్బీలోకి మార్పించి అచ్చు తీయించుకున్నాను. తొమ్మిదో అంశం. వాక్యాల పుస్తకంలో, కీర్తనల దగ్గర పెట్టాను. ఈ వారంలో నాలుగుసార్లు తీసి చూశాను. మాట మారలేదు.

ఆగస్టు 21, ఆదివారం

భోజనాల దగ్గర ష్మూనీ అడిగింది.

"నాన్నా, వెళ్ళేరోజు తలమీద చెయ్యి పెడతావా?"

నేను రొట్టె తుంచుతున్నాను. వర్దీయా గిన్నెలు కడగడం ఆపింది.

"పోయేవాళ్ళకి ఈ నోటితో దీవెన ఉండదని కూటం ముందు చెప్పాను. కొలిమి దగ్గర చెప్పిన మాట కాదు. ప్రభువు బల్ల దగ్గర చెప్పిన మాట."

"నేను పోవట్లేదు, చదువుకోడానికి వెళ్తున్నాను. తొమ్మిదో అంశం నీ దగ్గరే ఉంది కదా."

"నీకెలా తెలుసు?"

"కీర్తనల్లో పెట్టావ్. నువ్వు దాచే చోటు అదొక్కటే నాన్నా."

వర్దీయా నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు ష్మూనీ గొంతు మారింది. "నువ్వు చెయ్యి పెట్టకపోతే నేను వెళ్ళను అనను. వెళ్తాను. కానీ ఎక్కడికెళ్ళినా పారిపోయినదానిగానే ఉంటాను. అది నీ చేతుల్లో ఉంది."

రొట్టె తిన్నాను. రుచి ఏమిటో గుర్తులేదు.

రాత్రి పడుకునేముందు వర్దీయా అంది: "ఏమయ్యా, యాకోబుకి గుడ్డి ఇస్సాకు కూడా చెయ్యి పెట్టాడు. నీకు కళ్ళు రెండూ ఉన్నాయిగా."

"ఇస్సాకుని మోసం చేశారు."

"అయితే నిన్నూ చేస్తాం. మేక తోలు తెమ్మంటావా?"

ఆగస్టు 29, సోమవారం

అనుకున్నాను. దాని తలమీద చెయ్యి పెడతాను. కానీ ఇక్కడ కాదు, ఇంట్లో కాదు, ఊళ్ళో జనం ముందు కాదు. విమానాశ్రయంలో, చివరి అద్దాల తలుపు దగ్గర. అక్కడ కూటం వాళ్ళెవరూ ఉండరు. చెయ్యి పెట్టి నూట ఇరవై ఒకటో కీర్తనలోని చివరి మాట చెప్తాను, దాని పోకనీ రాకనీ కాయమని. ముఖ్యంగా రాకని.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ మాట ఇప్పుడే అయిపోతుంది.

సెప్టెంబరు 2, శుక్రవారం

పునీతురాలు మార్త్ ష్మూనీ గురించి మాట్లాడాను. మా అమ్మ పేరూ అదే, పిల్లకీ అదే. ఏడుగురు కొడుకుల తల్లి. రాజు ఒక్కొక్కణ్ణీ చంపడానికి ముందుకి పిలిచాడు. ఒక్కొక్కసారీ ఆమె పోనిచ్చింది. ఏడోవాణ్ణి, చిన్నవాణ్ణి, దాచుకోవచ్చు. దాచుకోలేదు. "ఏడోవాణ్ణి కూడా!" అని అరిచాను. ఆడవాళ్ళు ఏడ్చారు. చివరి వరసలో ష్మూనీ నన్ను చూస్తూ కూర్చుంది. దాని ముఖంలో ఏముందో ఇక్కడ రాయలేను, ఎందుకంటే తల తిప్పుకున్నాను.

సెప్టెంబరు 5, సోమవారం

పెట్టెలు. ఒకటి ఇరవై మూడు కిలోలు, రెండోది ఏడు, మొత్తం ముప్ఫై దాటకూడదు. దుకాణంలోంచి కాటా తెచ్చాను. వర్దీయా గోధుమ నూక బుర్గుల్, ఎండు బెండకాయలు, ఖర్జూరం పెట్టిన క్లైచా బిస్కెట్లు, నువ్వుల తహీనీ, పచ్చళ్ళ సీసా అన్నీ పెట్టింది. ముప్ఫై నాలుగు వచ్చింది.

"పచ్చళ్ళు తియ్యమ్మా, పగిలితే నా బట్టలన్నీ వెల్లుల్లి వాసనొస్తాయి" అంది ష్మూనీ.

"రానీ. అప్పుడు నీ వెనక ఎవడూ పడడు."

"బుర్గుల్ అక్కడ దొరుకుతుంది."

"దొరికేది బుర్గుల్ కాదు."

పచ్చళ్ళు తీశారు. బుర్గుల్ సగం తీశారు. ఇరవై తొమ్మిదిన్నర.

నేను ఒక సిలువ చేశాను. చర్చి కాలిపోయినప్పుడు వంగిపోయిన బాల్కనీ కమ్మీలోంచి ఒక ముక్క కోసి దాచుకున్నాను, ఆరేళ్ళుగా. అరచేయంత. నాలుగు కొసలూ ఆకుల్లా సాగదీశాను. ష్మూనీ దాన్ని చేతి సంచిలో పెట్టుకుంది, చేతికి దగ్గరగా ఉండాలట.

కాగితాలన్నీ ఒక నీలం ఫైల్లో. మోసూల్ యూనివర్సిటీ పట్టా అసలు ప్రతి, మార్కుల పట్టిక, బాగ్దాదులో విద్యాశాఖ ముద్ర, విదేశాంగశాఖ ముద్ర, చేరిక ఉత్తరం, హాస్టల్ ఉత్తరం, స్కాలర్‌షిప్ ఉత్తరం. పెట్టెలో పెట్టకూడదు, పెట్టె పోతే అన్నీ పోతాయి, చేతిలోనే ఉండాలి అని ముందే వెళ్ళిన పిల్లలు చెప్పారట. అన్నీ సరిచూశాం. తొమ్మిదో అంశం ఉన్న ఉత్తరం కూడా అందులోనే.

దాని గదికి ఇనుప తలుపు లేదు, చెక్కదే. చూశాను ఊరికే.

సెప్టెంబరు 6, మంగళవారం

మధ్యాహ్నం మూడు పదికి విమానం, ఇస్తాంబుల్ మీదుగా. పదకొండుకి బయల్దేరాం. హిక్మత్ కారు. వీడు చిన్నప్పటి స్నేహితుడు, వీడి అన్న ఇంటి తలుపు కూడా నేనే మూశాను.

"ఒరేయ్ ప్రసంగీ, యోనా ముందు సీట్లో కూర్చుంటాడా వెనకా?" అన్నాడు.

"బండి నడుపు."

"తిమింగలం పెట్రోలు తాగేస్తోంది, త్వరగా చెప్పు."

ష్మూనీ నవ్వింది. వర్దీయా జపమాల తిప్పుతోంది. ఖాజిర్ తనిఖీ దగ్గర అరగంట. ఎవరు, ఎక్కడికి, కాగితాలు. ష్మూనీ ఫైలు తెరిచింది, మూసింది. మొత్తం దారిలో అదొక్కసారే తెరిచింది.

విమానాశ్రయం బయటి గేటు దగ్గర కారంతా వెతికారు. కుక్కని తిప్పారు. తరవాత కార్లు నిలిపే చోటు, దాని పక్కన ఒక పెద్ద హాలు. కుర్చీలు, టీ దుకాణం, పెట్టెలు పోయే యంత్రం. ఒక మూల గోల, ఒక కుటుంబం మొత్తం ఒక కుర్రాణ్ణి పట్టుకుని ఏడుస్తున్నారు. ఇక్కడే ఎందుకు ఏడుస్తున్నారు, ఇంకా చాలా ఉంది కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

యంత్రం దగ్గర చేతి సంచి ఆపారు. సిలువ. ఆఫీసరు కుర్ద్ కుర్రాడు, మర్యాదగానే ఉన్నాడు.

"మామా, ఇది ఇనుము. కొసలు పదునుగా ఉన్నాయి. విమానంలో చేతిలో పట్టుకెళ్ళనివ్వరు, పెద్ద పెట్టెలో పెట్టండి."

"ఇది సిలువ."

"తెలుసు మామా. పెద్ద పెట్టెలో."

"నీకేం తెలుసు? ఇది ఎక్కడి ఇనుమో తెలుసా? మంటలో మూడు రోజులు ఉన్న ఇనుము! దీన్ని కొలిమిలో పెట్టి కొట్టిన చెయ్యి ఇది! ఈ ఇనుముతో ఎవరికైనా గాయమైతే అది రెండు వేల ఏళ్ళ కిందటే అయిపోయింది, ఇంకెవరికీ కాదు!"

"నాన్నా" అంది ష్మూనీ. "పెట్టె తెరుద్దాం."

వెనక వరస నిలబడిపోయింది. పెద్ద పెట్టెకి చుట్టిన టేపు కోశారు. ష్మూనీ ఫైలు నా చేతికిచ్చి, "పట్టుకో ఒక్క నిమిషం" అని మోకాళ్ళ మీద కూర్చుని సిలువని బట్టల మధ్య చుట్టింది. నేను ఫైలు చంకలో పెట్టుకుని ఆఫీసరుతో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. అతను తలూపుతున్నాడు. "అవును మామా. నిజమే మామా. టేపు అక్కడుంది మామా." టేపు చుట్టారు. పెట్టె మళ్ళీ యంత్రంలోకి.

అవతలి వైపు తలుపు ముందు ఒక బస్సు వచ్చి ఆగింది. ఎవడో ప్రయాణికులు ఎక్కండి అన్నాడు. వర్దీయా ష్మూనీని పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. "ఇప్పుడే ఎందుకే, లోపల చెప్పుకోవచ్చు" అన్నాను. వర్దీయా వినలేదు. ష్మూనీ నా వైపు తిరిగింది, తల కొంచెం వంచింది. నేను దాని భుజం తట్టాను. "పద పద, పెట్టెలు ఎక్కించు, నేను వస్తున్నాగా" అన్నాను.

అది నన్ను ఒక్క క్షణం చూసింది. తరవాత ఎక్కింది. నేను దాని వెనకే ఎక్కబోయాను.

"పాస్‌పోర్టు, టిక్కెట్టు" అన్నాడు తలుపు దగ్గరివాడు.

"నేను తండ్రిని."

"తండ్రులు ఇక్కడి దాకానే బాబాయ్. ఇక్కణ్ణించి బస్సు. విమానాలు ఉండే భవనంలోకి ప్రయాణికులే."

"అద్దాల తలుపు ఎక్కడ?"

"ఏ తలుపు?"

బస్సు తలుపు మూసుకుంది. నేను బయట, వర్దీయా నా పక్కన. బస్సు తిరిగింది, పోయింది. రెండు కిలోమీటర్ల అవతల ఆ భవనం పైకప్పు కనిపిస్తుంది. అంతే.

వర్దీయా నన్ను చూసింది. "నీకు తెలియదా? మా అక్కలిద్దర్నీ ఇక్కడే సాగనంపాను. ఊరందరికీ తెలుసు. ఇక్కడే చెప్పుకుంటారని నీకు తెలియదా?"

నాకు తెలియదు. ముప్ఫై మూడు ఇళ్ళవాళ్ళు ఈ హాల్లోంచే పోయారు. నేను ఒక్కరితో కూడా రాలేదు.

ఫైలు నా చంకలోనే ఉంది. అప్పుడు చూసుకున్నాను.

ఫోను మోగడం వినపడలేదు. అక్కడ గోల ఎక్కువ. జేబులో ఉంది. కొంతసేపటికి వినపడి తీశాను. ష్మూనీ. "నాన్నా ఫైలు! ఫైలు నీ దగ్గరుంది! వీసా చూసి చేరిక ఉత్తరం కాగితం మీద చూపించమంటున్నారు, ఫోన్లో బొమ్మ చాలదంటున్నారు. పట్టా కూడా అందులోనే. రెండు పదికి కౌంటరు మూసేస్తారు. నేను వెనక్కి వస్తున్నాను, బస్సు వస్తోంది. ఇంకా ముద్ర వెయ్యలేదు కాబట్టి రానిస్తున్నారు. పెట్టెలు ఇక్కడే కౌంటరు దగ్గర ఉంచారు. అక్కడే ఉండు, కదలకు."

గడియారం చూశాను. ఒంటిగంట ముప్ఫై ఎనిమిది.

బస్సు ఒంటిగంట యాభై ఒకటికి వచ్చింది. ఖాళీ బస్సులో అది ఒక్కతే. దిగి పరిగెత్తుకు వచ్చింది. జుట్టు రేగిపోయింది. తనిఖీవాడు సిలువని ఆపిన కుర్రాడే. ఒకసారి నన్ను చూశాడు, గొలుసు పక్కకి లాగాడు. ఫైలు ఇచ్చాను. తీసుకుంది. గుండెకి ఆనించుకుంది. నిలబడింది. అడగలేదు. ఈసారి అడగలేదు.

తలమీద చెయ్యి పెట్టాను.

కీర్తన రాలేదు. నోరు తెరిచాను. ఇరవై ఏళ్ళుగా ఎవరు ఎప్పుడు ఎక్కడ అడిగినా అధ్యాయమూ వచనమూ చెప్పిన నోరు. ఏమీ రాలేదు. జుట్టు వేడిగా ఉంది. దాని తల అంత చిన్నదని ఎప్పుడూ అనుకోలేదు.

"చాలు నాన్నా" అంది. "చాలు. వెళ్తాను."

"క్లైచా తిను" అన్నాను. అదే వచ్చింది.

మళ్ళీ బస్సు. మళ్ళీ తలుపు. వర్దీయా సీసాలోని నీళ్ళు బస్సు వెనక పోసింది, పోయినవాళ్ళు నీళ్ళలా తిరిగి రావాలని. దాన్ని మూఢనమ్మకమని నేను ఎన్నిసార్లు తిట్టానో. ఇవాళ ఆపలేదు. సిమెంటు వేడికి ఒక నిమిషంలో ఆరిపోయింది.

రెండు నాలుగుకి సందేశం వచ్చింది. ఉత్తరం చూశారు, పెట్టెలు తీసుకున్నారు. రెండు ఇరవై రెండుకి ముద్ర పడింది. రెండు యాభైకి విమానం ఎక్కానంది. మూడు పదిహేనుకి ఫోను కట్టేసింది. మేము హాల్లోనే ఉన్నాం. హిక్మత్ టీ తెచ్చాడు. తాగాం.

తిరిగొచ్చేదారిలో హిక్మత్ జోకు వెయ్యలేదు.

ఏమీ అనిపించలేదు. దుకాణం తెరిచాను.

సెప్టెంబరు 7, బుధవారం

చేరింది. హాస్టల్లో కిటికీ ఉందట.

సెప్టెంబరు 9, శుక్రవారం

కూటంలో మాట్లాడమన్నారు. గొంతు బాగోలేదన్నాను. గొంతు బాగానే ఉంది.

వర్దీయా అడిగింది: "ఫోను ఎన్నిసార్లు మోగింది?"

"గోలలో వినపడలేదని చెప్పాగా."

"ఆ." అని వంకాయలు కోసుకుంది.

సెప్టెంబరు 11, ఆదివారం

దాని గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. మేజా మీద దుమ్ము. తొమ్మిదో అంశం అచ్చు తీయించిన కాగితం కీర్తనల్లోంచి తీసి చూశాను. చదివాను. మడిచాను. ఇంతకుముందు అది తాడులా అనిపించేది. ఇప్పుడు కాగితంలా ఉంది.

గోల ఎక్కువగా ఉంది అక్కడ. ఎవరైనా ఒప్పుకుంటారు.

సెప్టెంబరు 14, బుధవారం

సిలువ పండగ. మేడల మీద మంటలు వేశారు. ఊరంతా పొగ. పిల్లలు ఈలలు వేస్తున్నారు. ష్మూనీ వీడియోలో చూసింది. దాని గోడ మీద ఇనుప సిలువ వేలాడుతోంది, మేకు కొట్టడానికి వార్డెన్ ఒప్పుకోలేదని దారంతో కట్టిందట.

"పదును తగ్గించాల్సింది నాన్నా. మొన్న చెయ్యి గీసుకుంది."

"చూపించు."

చూపించింది. చిన్న గీత. నవ్వుతోంది.

అది ఫోను పెట్టేశాక రాస్తున్నాను. గోల ఎక్కువ అని రాశాను కదా. అబద్ధం. ఇక్కడ కూడా అబద్ధం రాశాను, ఎవరూ చూడని పుస్తకంలో, దేవుడొక్కడే చూసే పుస్తకంలో.

మొదటిసారి మోగినప్పుడే విన్నాను. జేబులో వణికింది. ఎవరో తెలుసు. ఎందుకో తెలుసు. ఫైలు చంకలో ఉంది. వర్దీయా అంది, "నీ జేబు మోగుతోంది." "పనివాళ్ళు" అన్నాను. ఆమె నన్ను చూసింది, ఫైలుని చూసింది. నమ్మలేదు, నమ్మకపోయినా మాట్లాడలేదు. ఆమె ఫోను హిక్మత్ కార్లో ఛార్జింగులో ఉంది.

ఆగింది. రెండోసారి మోగింది. ఆగింది. గోడ మీద గడియారం ఉంది, చూశాను. కౌంటరు ఎప్పుడు మూస్తారో నాకు తెలుసు, అది ముందు రాత్రే చెప్పింది. నేను కొన్న టిక్కెట్టు కాదు, వేసిన అతుకు కాదు. ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. నా చేతిలో ఉన్న నీలం ఫైలు అన్ని వైపులా మూసుకుపోతుంది. నేను ఎవరికీ అడ్డం పడలేదు అనుకోవచ్చు. వినపడలేదు అనుకోవచ్చు. దేవుడు ఓడని తిప్పేశాడని కూటంలో చెప్పుకోవచ్చు కూడా. ఆ మాట అప్పుడే నా నోట్లో తయారైంది. ఎంత బాగా తయారైందంటే నాకే చెమట పట్టింది.

మూడు. నాలుగు. అయిదు. మధ్యలో నేను నూట ఇరవై ఒకటో కీర్తన గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆరు.

ఆరోసారి ఆగాక మా అమ్మ పేరు గుర్తొచ్చింది. పిల్ల పేరు. శుక్రవారం నేను అరిచిన మాట. ఏడోవాణ్ణి కూడా. అరిచి ఆడవాళ్ళని ఏడిపించినవాణ్ణి. ఆ తల్లి ఏడుగురినీ మరణానికి పోనిచ్చింది. నేను ఒక్క పిల్లని నీటి గురించి చదువుకోడానికి పోనివ్వలేక జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

ఏడోసారి ఎత్తాను.

నేను ఎత్తిందాకా ఎన్ని నిమిషాలో ఇప్పుడు కూడా చెప్పలేను. పదకొండు.

దానికి చెప్పలేదు. వర్దీయాకి ఈ సాయంత్రం మేడ మీద, మంట దగ్గర చెప్పాను. చీపురుతో బొగ్గులు దగ్గరికి తోస్తోంది.

"తెలుసయ్యా. నేను నీ పక్కనే ఉన్నాగా."

"మరి ఎందుకు అనలేదు?"

"ఎత్తుతావో లేదో చూద్దామని." బొగ్గులు తోసింది. "ఎనిమిదోది మోగి ఉంటే నేనే లాక్కునేదాన్ని. నీ చెయ్యి విరిచి."

సెప్టెంబరు 16, శుక్రవారం

కూటంలో మాట్లాడాను. యోనా కాదు. హాగరు గురించి. అబ్రాహాము పొద్దున్నే లేచి రొట్టె, నీళ్ళ తిత్తి ఆమె భుజం మీద పెట్టి పంపించాడు, అంతే ఉంది వాక్యంలో. అతను ఏం మాట్లాడాడో లేదు. మాటలు రాలేదేమో అన్నాను. కొంచెం సేపే మాట్లాడాను. గొంతు పెంచలేదు. అయ్యాక మామూలుగా వచ్చేవాళ్ళు కూడా చెయ్యి కలపడానికి రాలేదు. హిక్మత్ మాత్రం "ఒంట్లో బాగుందా?" అన్నాడు.

సెప్టెంబరు 19, సోమవారం

మాస్టారి తలుపు. మూడు చోట్ల అతికాను. ఎప్పుడూ నాలుగు. మాస్టారు లెక్క పెట్టారు.

"ఒకటి తక్కువైంది గోర్గీసూ."

"తెరవడానికి తేలికగా ఉంటుంది."

ఆయన తాళాలు ఇచ్చారు.

ఆయన తండ్రి, ముసలి బెహ్నామ్, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. రేపు కొడుకుతో ఎర్బిల్ దాకా వెళ్తాడట, చిన్నకొడుకు తీసుకెళ్తున్నాడట. "విమానం పైకి లేచేదాకా చూసి వస్తాను. మెట్ల దగ్గర వాడికి చెప్పాల్సిన మాటొకటుంది" అన్నాడు.

సెప్టెంబరు 20, మంగళవారం

పొద్దున్నే, వాళ్ళంతా రాత్రి పడుకున్న మాస్టారి చిన్న తమ్ముడింటికి వెళ్ళాను. కార్లో చోటు అడిగాను. అందరూ నన్ను చూశారు.

"నువ్వా? విమానాశ్రయానికా?" అన్నారు మాస్టారు. "తిట్టడానికా?"

"వెనక సీట్లో కూర్చుంటాను."

ఆ హాల్లోకి వెళ్ళగానే ముసలి బెహ్నామ్ కర్ర పట్టుకుని ముందుకి నడుస్తూ "మెట్లెక్కడ? విమానం ఎక్కడ?" అంటున్నాడు. మాస్టారూ ఆయన పిల్లలూ పెట్టెలతో యంత్రం దగ్గరికి వెళ్ళిపోయారు. బస్సు అప్పటికే వచ్చి నిలబడింది.

నేను ముసలాయన మోచెయ్యి పట్టుకుని ఆపాను.

"తాతా, మెట్లు లేవు. ఇంకో తలుపు లేదు. ఇదే. చెప్పాల్సింది ఇక్కడే చెప్పెయ్యి, బస్సు ఎక్కకముందే."

"ఇక్కడా? ఈ కుర్చీల మధ్యనా?"

"ఇక్కడే."

మాస్టారిని పిలిచాను. పెట్టె వదిలి వచ్చారు. ముసలాయన కర్ర నా చేతికిచ్చాడు. రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు.

నేను కర్ర పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను.